మీ జనన పత్రం మీ అమ్మమ్మ ఊళ్లో ఉంది

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటున్నాం. మాది ఖమ్మం పక్కన పల్లెటూరు. గ్రీన్ కార్డు కోసం నా బర్త్ సర్టిఫికెట్ కావాలంటే ఊళ్లో అడిగించాను. 1986 రిజిస్టర్లో నా పేరు లేదని తహశీల్దారు ఆఫీసు నుంచి రాసిచ్చారు. నేను పుట్టింది విజయవాడలో, నర్సింగ్ హోమ్‌లో. ఇక్కడి మన కాన్సులేట్ వాళ్లు పాస్‌పోర్టు చూసి ఒక కాగితం ఇచ్చారు. ఊరి కాగితం, కాన్సులేట్ కాగితం రెండూ పంపితే, అవి చాలవని ఇమిగ్రేషన్ నుంచి లెటర్ వచ్చింది. ఇంకోపక్క, ఇక్కడే పుట్టిన మా పాప బర్త్ సర్టిఫికెట్‌ని అపోస్టిల్ కోసం వాషింగ్టన్‌కి పంపితే తిప్పి పంపేశారు. రెండు దేశాల్లోనూ సెంట్రల్ గవర్నమెంటు దగ్గర మన రికార్డు ఉండదా? చాలా టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకురాలు, టెక్సాస్

జవాబు: అమ్మా, ముందు మీ అమ్మగారికి ఫోన్ చేసి ఆ నర్సింగ్ హోమ్ పేరు, అది ఏ పేటలో ఉండేదో కనుక్కోండి. మీ నాన్నగారినో తమ్ముణ్ణో విజయవాడ నగరపాలక సంస్థలో జనన మరణాల విభాగానికి పంపండి. మిగతాది నిదానంగా చెబుతాను.

నేను ఒక మున్సిపాలిటీలో ఆ విభాగంలోనే చాలా ఏళ్లు పనిచేశాను. మీలాంటి వాళ్లు వారానికి ఇద్దరైనా కనిపించేవారు. అందరిదీ ఒకటే పొరపాటు. సొంత ఊరు ఏదో అక్కడికే వెళ్లి అడుగుతారు. కానీ జననాన్ని నమోదు చేసేది తల్లిదండ్రుల ఊళ్లో కాదు, బిడ్డ పుట్టిన చోట. మనకేమో తొలి కాన్పు పుట్టింట్లో చేయడం ఆచారం. అమ్మాయి ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటికి వెళ్తుంది, అక్కడి ఆసుపత్రిలో ప్రసవిస్తుంది, మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డతో అత్తవారింటికి వస్తుంది. బిడ్డ పెరిగేది నాన్న ఊళ్లో, చదువు అక్కడే, రేషన్ కార్డు అక్కడే. జనన రిజిస్టర్లో గీత మాత్రం అమ్మమ్మ ఊళ్లో పడుతుంది. మీ ఊరి తహశీల్దారు ఆఫీసు వాళ్లు రాసిచ్చింది అబద్ధం కాదు. వాళ్ల పుస్తకంలో మీ పేరు నిజంగానే లేదు, ఉండదు కూడా. అందుకే ఆ కాగితం మీకు పనికిరాదు. విజయవాడలో పుట్టానని చెబుతూ ఖమ్మం పక్క ఊళ్లో రికార్డు లేదని చూపిస్తే ఇమిగ్రేషన్ ఆఫీసరు ఎలా ఒప్పుకుంటాడు?

ఇక మీ అసలు ప్రశ్న. మన రాజ్యాంగంలో జనన మరణాల నమోదు ఉమ్మడి జాబితాలో ఉంది, 30వ అంశం. అంటే కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టం చేయవచ్చు. కేంద్రం 1969లో చేసింది. ఆ చట్టం కింద ఢిల్లీలో కేంద్ర హోం శాఖ కింద రిజిస్ట్రార్ జనరల్ ఉంటారు. రాష్ట్రానికి చీఫ్ రిజిస్ట్రార్, జిల్లాకు జిల్లా రిజిస్ట్రార్, అడుగున ఊరికో పట్టణానికో రిజిస్ట్రార్ ఉంటారు. నిబంధనలు రాసుకునేది రాష్ట్రం. పెన్ను పట్టుకుని గీత రాసేది మాత్రం అడుగునున్న ఆ రిజిస్ట్రారే. ఇవాళ పల్లెలో అది పంచాయతీ కార్యదర్శి పని, పట్టణంలో మున్సిపాలిటీ పని. ఢిల్లీకి ఇంతకాలం వెళ్లింది లెక్కలే: ఎందరు పుట్టారు, ఆడపిల్లలెందరు, మగపిల్లలెందరు. 2023లో చట్టాన్ని సవరించి దేశమంతటికీ ఒక డేటాబేస్ ఉండాలన్నారు, అది ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. కానీ 1986లో చేత్తో రాసిన మీ గీత ఆ కంప్యూటర్లో తనంతట తాను ప్రత్యక్షం కాదు కదా.

చట్టం చేసే అధికారం ఎవరిదో, రికార్డు కూడా వాళ్ల దగ్గరే ఉంటుందనుకోవడంతోనే చిక్కంతా వస్తోంది. పాస్‌పోర్టు పూర్తిగా కేంద్రానిది. అందుకే కాన్సులేట్ మీ పాస్‌పోర్టు వివరాలను నమ్మకంగా చెప్పగలదు. అయితే పాస్‌పోర్టులో మీ పుట్టిన తేదీ ఎక్కడి నుంచి వచ్చింది? మన వాళ్లలో చాలామందికి లాగే బహుశా పదో తరగతి మార్కుల మెమో నుంచి. ఆ మెమో రాష్ట్ర బోర్డుది. బోర్డుకు ఆ తేదీ వచ్చింది మీరు ఒకటో తరగతిలో చేరిన రోజు హెడ్మాస్టరు అడ్మిషన్ రిజిస్టర్లో రాసిన దాన్నుంచి. కాన్సులేట్ కాగితాన్ని వెనక్కి తీసుకుంటూ పోతే మీ బడి దగ్గర ఆగుతుంది, విజయవాడ దాకా వెళ్లదు. మీరు పుట్టడం చూసినవాళ్లు చెబితే రాసుకున్న పుస్తకం ఒక్కటే ఉంది, దాని నకలు కావాలని ఇమిగ్రేషన్ వాళ్లు అడుగుతున్నారు.

జనాభా లెక్కల్లో మా పేర్లు రాసుకున్నారు కదా, అది కేంద్రం దగ్గరే ఉంటుంది కదా అని కూడా కొందరు అడుగుతారు. ఉంటుంది. కానీ 1948 నాటి జనగణన చట్టం ప్రకారం ఆ వివరాలు ఎవరికీ చూపరు, సాక్ష్యంగా కూడా చెల్లవు. అమెరికాలోనూ జనగణన ఫెడరల్ ప్రభుత్వానిదే, అక్కడ ఒక్కొక్కరి వివరాలు 72 ఏళ్ల తర్వాతే బయటపెడతారు. 1950 నాటివి 2022లో బయటికొచ్చాయి. మనం అంతవరకు ఆగలేం.

విజయవాడలో ఏం జరుగుతుందో చూద్దాం. ఆ ఊరు 1981లోనే నగరపాలక సంస్థ అయింది, కాబట్టి 1986 రిజిస్టర్లు దానివే. అప్పట్లో ఖమ్మం, విజయవాడ ఒకే రాష్ట్రం. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయాక కాగితాలేవీ మనుషుల వెంట నడిచి రాలేదు. ఊరు ఏ రాష్ట్రంలోకి వెళ్తే ఆ ఊరి రిజిస్టరూ ఆ రాష్ట్రంలోకే వెళ్లింది. మీరిప్పుడు తెలంగాణ వాళ్లు కావచ్చు, మీ జనన పత్రం మీద మాత్రం ఆంధ్రప్రదేశ్ ముద్రే ఉంటుంది. దానికి కంగారు పడకండి. (కూనవరం, చింతూరు వైపు వాళ్లది ఇంకో రకం తిప్పలు. వాళ్ల మండలాలే ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌కి మారాయి. వాళ్లు ఎక్కడికీ వెళ్లకుండానే రాష్ట్రం మారిపోయింది.)

ఆసుపత్రిలో కాన్పు జరిగితే ఆ సంగతి తెలియజేయాల్సిన బాధ్యత ఆసుపత్రిదే. గడువు 21 రోజులు. మీ తమ్ముడు వెళ్లి మీ పేరు చెబితే లేదంటారు, ఎందుకంటే ఆ గీతలో మీ పేరు ఉండకపోవచ్చు. ఆసుపత్రి వాళ్లు పుట్టిన నాలుగైదు రోజుల్లో ఫారం పంపేస్తారు, మనకేమో బారసాల 21వ రోజున. అందుకని ఆ కాలం రిజిస్టర్లలో పేరు గడి ఖాళీగా ఉండటం మామూలు విషయం. నేను తిరగేసిన పుస్తకాల్లో పేజీలకు పేజీలు "ఆడ శిశువు", "మగ శిశువు" అనే ఉండేవి. అందువల్ల తల్లి పేరు, తండ్రి పేరు, నర్సింగ్ హోమ్ పేరు, తేదీ చెప్పి వెతికించాలి. అమ్మగారి పేరు పుట్టింటి ఇంటిపేరుతో రాసి ఉండొచ్చు, ఆ ఇంటిపేరు కూడా చెప్పమనండి. తేదీకి ముందూ వెనకా నెలన్నర చూడమనండి. గీతలు వేసేది పుట్టిన తేదీ వరసలో కాదు, సమాచారం అందిన వరసలో. మేలో పుడితే జూన్ పేజీల్లో ఉండొచ్చు. ఇలా వెతికించి నకలు తీసుకునే హక్కు ఎవరికైనా ఉందని ఆ చట్టం 17వ సెక్షనే చెబుతోంది. కౌంటర్లో కుర్రాడు కంప్యూటర్లో చూసి "రావట్లేదండీ" అంటే, పుస్తకం తీయించమని రాతపూర్వకంగా అడగండి.

పట్టించుకోకపోతే సమాచార హక్కు కింద మీ తమ్ముడు దరఖాస్తు పెట్టవచ్చు. కానీ కేంద్రం వారి ఆన్‌లైన్ పోర్టల్లో పెట్టకూడదు, అది కేంద్ర శాఖలకే. నగరపాలక సంస్థ రాష్ట్ర పరిధిలోది, దాని పౌర సమాచార అధికారికే ఇవ్వాలి.

గీత దొరికి పేరు ఖాళీగా ఉంటే దాన్ని చేర్పించాలి. మొదటి ఏడాదిలో అయితే ఉచితం, ఆ తర్వాత 15 ఏళ్ల వరకు రుసుముతో చేరుస్తారు. పాత నమోదులకు ఈ గడువును పలుసార్లు పొడిగించారు. కాబట్టి 15 ఏళ్లు దాటాయి కదా అని వెనక్కి వచ్చేయకుండా, పొడిగింపు ఇప్పుడు నడుస్తోందా అని అడగమనండి. పదో తరగతి మెమో, పాస్‌పోర్టు నకళ్లు వెంట ఉండాలి. ఒకవేళ పేరు చేర్చకపోయినా ఆ నకలును పారేయకండి. తల్లిదండ్రుల పేర్లు, తేదీ, పుట్టిన చోటు ఉండి మీ పేరు ఒక్కటే లేని సర్టిఫికెట్‌కి, ఈ శిశువు నేనేనని చూపే ఆధారాలు జతచేస్తే దానికి బలం ఉంటుంది.

ఇక్కడ ఒక సంగతి ముందే చెప్పాలి. రిజిస్టర్లో తేదీ, మీ పాస్‌పోర్టులో తేదీ వేరుగా ఉండొచ్చు. మన బళ్లలో అయిదేళ్లు నిండినట్టు చూపడానికి అయ్యవార్లు జూన్‌లోనో జులైలోనో ఒక తేదీ వేసేసేవారు, మీకు తెలియంది కాదు. అలా తేడా వస్తే, పాస్‌పోర్టుకు సరిపోయేలా జనన రిజిస్టరు దిద్దించాలని చాలామందికి బుద్ధి పుడుతుంది. దానికి మనుషులు కూడా దొరుకుతారు. ఆ పని చేయించకండి. 15వ సెక్షన్ కింద దిద్దేది రిజిస్టర్లో తప్పు పడినప్పుడే. ఇక్కడ తప్పు రిజిస్టర్లో లేదు, బడిలో పడింది. దిద్దినా పాత గీతను చెరిపేయరు, పక్కన అంచులో రాసి, తేదీ వేసి సంతకం పెడతారు. కొత్త తారీఖుతో ఉన్న ఆ దిద్దుబాటును ఎవరైనా చదవగలరు. దానికంటే ఉన్నదున్నట్టు పంపి, తేడా ఎలా వచ్చిందో తల్లిదండ్రుల ప్రమాణపత్రంతో వివరించడం మేలు.

అసలు గీతే దొరకకపోతే? ఆ రోజుల్లో చిన్న నర్సింగ్ హోమ్‌లు ఫారాలు పంపని సందర్భాలూ ఉన్నాయి. అప్పుడు విజయవాడ వాళ్ల నుంచే "రికార్డు లేదు" అనే పత్రం తీసుకోండి. మన వాళ్లు నాన్ అవైలబిలిటీ అంటారే, అదే. మీ ఊరి నుంచి తెచ్చుకున్నది ఇదే కాగితం, కాకపోతే తప్పు ఆఫీసుది. దీనికి తోడు పదో తరగతి మెమో, ఇద్దరి ప్రమాణపత్రాలు పెట్టాలి. ఆ ఇద్దరూ మీ పుట్టుక ప్రత్యక్షంగా తెలిసినవాళ్లై ఉండాలి. అమ్మా నాన్నా అయితే సరే, కాన్పప్పుడు దగ్గరున్న పిన్నిగారో మేనమామో అయినా సరే. వాళ్లు ఎవరు, ఎప్పుడు ఎక్కడ పుట్టారు, మీకేమవుతారు, మీరు పుట్టిన సంగతి వాళ్లకెలా తెలుసు అన్నవి అందులో రాయాలి. నోటరీ దగ్గర టైపు చేసి పెట్టిన అచ్చు నమూనాలో ఆ చివరి ముక్క ఉండదు. "మేమెరుగుదుము" అని ఉంటుంది, అంతే. ఎలా ఎరుగుదురో మీరే రాయించండి.

ఏడాది దాటిన జననాన్ని ఇప్పుడు కొత్తగా నమోదు చేయించే దారి కూడా ఉంది. ఇంతకుముందు ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి అని ఉండేది. 2023 సవరణ తర్వాత జిల్లా మేజిస్ట్రేటు, లేదా సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు, లేదా జిల్లా మేజిస్ట్రేటు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ఇస్తే చాలు. మన దగ్గర జనం ఆర్డీవో ఆర్డరు అంటారు. అయితే అలా వచ్చే సర్టిఫికెట్ మీద పుట్టిన తేదీ 1986, నమోదు తేదీ ఈ సంవత్సరం అని ఉంటుంది. ఎవరైనా మొదట చూసేది ఆ రెండు తేదీల మధ్య దూరాన్నే. అందుకని మీ లెటర్లో ఉన్న గడువు లోపల నాన్ అవైలబిలిటీ, మెమో, ప్రమాణపత్రాలు పంపేయండి. ఆర్డీవో ఆర్డరు పని పక్కన నడిపించుకోండి, అది ముందు ముందు పనికొస్తుంది. దాని కోసం కూర్చుంటే గడువు దాటిపోతుంది.

ఇప్పుడు పాప సంగతి. అమెరికాలో కథ మన దానికి తలకిందులు. జననాల నమోదు గురించి అక్కడి ఫెడరల్ రాజ్యాంగంలో ఒక్క మాట లేదు. కేంద్రానికి అప్పగించనివన్నీ రాష్ట్రాలవీ ప్రజలవీ అని పదో సవరణ చెబుతుంది. కాబట్టి చట్టం కూడా రాష్ట్రానిదే. మొత్తం దేశంలో 57 వేర్వేరు నమోదు వ్యవస్థలున్నాయి: 50 రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీ, అయిదు ద్వీప ప్రాంతాలు, వీటికి తోడు న్యూయార్క్ నగరం. ఆ నగరం సొంత రాష్ట్రంతో కూడా కలవకుండా తన పుస్తకం తానే ఉంచుకుంటుంది. న్యూయార్క్‌లో ఉన్న మన వాళ్లు పొరపాటున రాష్ట్ర రాజధాని ఆల్బనీకి రాసి నెలలు పోగొట్టుకునేది ఇందుకే. ఫెడరల్ ప్రభుత్వానికి వెళ్లేది ఇక్కడా లెక్కలే. ఆసుపత్రిలో మీరు సరేనన్నందువల్ల పాపకు సోషల్ సెక్యూరిటీ నంబరు వచ్చి ఉంటుంది, అదీ టెక్సాస్ పంపిన సమాచారంతోనే.

అపోస్టిల్ అంటే, ఈ కాగితం మీద సంతకం పెట్టిన అధికారి నిజంగా ఆ అధికారేనని ఆయన పైవాళ్లు చెప్పడం. అందులోని విషయం నిజమని కాదు. మీ పాప సర్టిఫికెట్ మీద సంతకం టెక్సాస్ అధికారిది. వాషింగ్టన్‌లోని విదేశాంగ శాఖకు ఆ సంతకంతో సంబంధం లేదు, అది ఫెడరల్ అధికారుల సంతకాలనే గుర్తిస్తుంది. ఎఫ్‌బీఐ ఇచ్చే పోలీసు క్లియరెన్సు అయితే వాషింగ్టన్‌కే పంపాలి. పాప కాగితం ఆస్టిన్‌లోని టెక్సాస్ సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసుకు పంపాలి, కాగితానికి 15 డాలర్లు. ఫోటోకాపీ తీసి నోటరీ చేయించి పంపకండి, జనన పత్రాల నకళ్లను ధ్రువీకరించే అధికారం టెక్సాస్ నోటరీకి లేదు. రాష్ట్ర వైటల్ స్టాటిస్టిక్స్ విభాగం ముద్రతో ఉన్న కొత్త సర్టిఫైడ్ కాపీ తెప్పించుకుని అదే పంపండి. అడిగేటప్పుడు లాంగ్ ఫారం అని చెప్పండి. లోకల్ ఆఫీసుల్లో సులువుగా దొరికే చిన్న ఫారంలో వివరాలు తక్కువ ఉంటాయి, ఇండియాలో మళ్లీ అభ్యంతరం చెబుతారు.

పాప పేరులో ఒక అక్షరం తేడా ఉందేమో ఇప్పుడే చూసుకోండి. మన పేర్లకు అది మామూలే. ఉంటే ముందు టెక్సాస్ రికార్డులో దిద్దించాలి, తర్వాత సోషల్ సెక్యూరిటీలో, ఆఖరున పాస్‌పోర్టులో. వెనక నుంచి మొదలుపెడితే ప్రతి ఆఫీసూ ముందు దాని దగ్గరికి పొమ్మంటుంది. మీ పెళ్లి అక్కడే అయి ఉంటే ఆ రికార్డు కౌంటీ క్లర్కు దగ్గర ఉంటుంది, ఇల్లు కొని ఉంటే దస్తావేజు కూడా అక్కడే. మన దగ్గర ఇంటి దస్తావేజు రాష్ట్ర ప్రభుత్వపు సబ్ రిజిస్ట్రారు దగ్గర, ఆ ఇంటి పన్ను లెక్క మున్సిపాలిటీ దగ్గర.

కెనడాలో మీ బంధువులుంటే వాళ్లది మీ పాప లాంటి కేసే, అక్కడా ప్రావిన్సులదే ఆ పని. జర్మనీ మాత్రం మనకు దగ్గర. చట్టం దేశమంతటికీ ఒకటే, పుస్తకం మాత్రం పుట్టిన ఊరి ఆఫీసులో ఉంటుంది.

ఏ దేశపు కాగితమైనా చేతికి రాగానే కింద ముద్ర, సంతకం ఎవరివో చూడండి. దిద్దుబాటైనా, ఇంకో నకలైనా, అపోస్టిల్ అయినా ఆ ముద్ర ఉన్నచోటి నుంచే మొదలవుతుంది. తమ్ముడు విజయవాడ వెళ్లేటప్పుడు ఇమిగ్రేషన్ లెటర్ ప్రింటు తీసి ఇవ్వండి. తేదీ ఉన్న చోట ఎర్ర పెన్నుతో గీత గీయండి. సెక్షన్లో ఉన్న గుమాస్తాకి తెలుగులో ఎన్ని మాటలు చెప్పినా కదలనిది, గడువు కనిపిస్తే కాస్త కదులుతుంది. ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి కనుక చెబుతున్నాను.